ప్రతి నెలా యాభై వేలు

రిపేర్ల ఖాతాలో ఏప్రిల్ 28న 50,000. మే 28న 50,000. జూన్‌లోనూ అంతే. అద్దె అయితే సరే, ప్రతి నెలా రౌండ్ ఫిగరే ఉంటుంది. రిపేర్లకు చివర కాస్త చిల్లరైనా తేలాలి కదా?

ఆడిట్ పనిలో చేరి రెండు నెలలే. అడిగితే నాకే ఏమీ తెలియదనుకుంటారేమోనని టెన్షన్. అయినా అకౌంటెంట్ దగ్గరికెళ్లి, "ఇందులో ఏమైనా తప్పుందా సార్?" అన్నాను.

"ఏం లేదమ్మా, ఎప్పుడూ ఇంతే."

తిరిగొచ్చి చెప్తే మా సీనియర్ నవ్వారు. "లేదు అనేస్తే అయిపోయే ప్రశ్న అడిగావు. జరిగిందేంటో చెప్పమని అడుగు."

మళ్లీ వెళ్లాను. "ఏ మెషీన్ బాగుచేశారు సార్? ఎవరొచ్చారు? బిల్లు చూపిస్తారా?"

ఆయన ఫైలు తీశారు. వోచర్లున్నాయి, బిల్లుల్లేవు. అన్నిటి మీదా మేనేజర్ సంతకం ఒక్కటే.

"రెండో సంతకం ఎప్పుడు కావాలి సార్?"

"యాభై వేలు దాటితేనమ్మా..." అంటూనే ఆగిపోయారు.

నేనేమీ మాట్లాడలేదు. ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి, కుర్చీ నా వైపు జరుపుకున్నారు.