డాబా మీద పడక

"నాన్నా, చుక్కలు పగలు ఎక్కడికెళ్తాయి?"

"ఎక్కడికీ పోవు తల్లీ. ఎండ వెలుగులో మనకు కనబడవంతే. అదిగో సప్తర్షులు. తోక మధ్యలో వశిష్ఠుడు, పక్కనే చిన్నగా అరుంధతి. ఆ వెలుగు మన కంటికి చేరడానికి 80 ఏళ్లు దాటింది. తాతయ్య పుట్టకముందే బయల్దేరింది."

పాప ఆవలించింది. "మరి వేపచెట్టు వేళ్లకు చీకట్లో భయం వెయ్యదా?"

"వెయ్యదమ్మా. చీకటి మట్టిలోనే నీళ్లు వెతికి పీల్చుకుంటాయి, ఆకులకు పంపుతాయి."

"డబ్బులు చెట్టుకి కాస్తే బావుణ్ణు కదా?"

"అప్పుడు ఎవరికి కావాల్సినన్ని వాళ్లే కోసుకుంటారు. ఇక ఆ నోటు తీసుకుని బియ్యం ఎవరిస్తారు? అందుకే రిజర్వ్ బ్యాంకు లెక్క చూసుకుని అచ్చు వేయిస్తుంది."

"రేపు జామకాయకి పది రూపాయలిస్తావా?"

"ఇస్తాలే. పడుకో."