2జీ మొబైల్ స్టార్టర్ల తయారీ ఆపుతున్నాం: వాడుతున్న రైతులకు వివరాలు

అనంతపురం,
2026 మార్చి 2

మా మొబైల్ స్టార్టర్లు వాడుతున్న రైతులకు, అమ్ముతున్న డీలర్లకు, బిగిస్తున్న మెకానిక్‌లకు నమస్కారం.

2జీ సిమ్‌తో పనిచేసే ఎంఎస్-20, ఎంఎస్-21 మొబైల్ స్టార్టర్ల తయారీ ఆపేస్తున్నాం. ఈ ఏడాది ఆగస్టు 31 వరకు ఆర్డర్లు తీసుకుంటాం. ఆ తర్వాత ఈ రెండు మోడళ్లూ కొత్తవి దొరకవు.

మీ పొలంలో ఇప్పటికే బిగించి ఉన్నది మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తుంది. వెంటనే మార్చాల్సిన పని లేదు. చీనీ తోటలున్నవాళ్లకు ముఖ్యంగా చెప్తున్నాం: స్టార్టర్ బాగుంటే ఈ ఎండాకాలం దాని జోలికి పోవద్దు. చెట్లకు ఒక్క తడి కూడా తప్పించలేని రోజుల్లో ప్యానెల్ విప్పుకుని కూర్చోవడం ఎందుకు? వానలు పడ్డాక తీరిగ్గా చూసుకోవచ్చు.

ఎందుకు ఆపుతున్నామంటే, స్టార్టర్‌లో సిమ్ పట్టే 2జీ మాడ్యూల్‌ను మాకు ఇచ్చే సరఫరాదారు కొత్త ఆర్డర్లు తీసుకోవడం మానేశారు. ఉన్న నిల్వలో కొంత అమ్మకానికి, ఎక్కువ భాగం మీ రిపేర్లకు పక్కన పెట్టాం. ఇంకో కారణం మీకే తెలుసు. జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ ఈ స్టార్టర్లలో ఎన్నడూ పనిచేయలేదు. మిగతా సిమ్‌లు పనిచేస్తున్నా, కొన్ని ఊళ్లలో చేతిలోని ఫోన్‌కు సిగ్నల్ ఉంటుంది, బోరు దగ్గర స్టార్టర్‌కు మాత్రం అందదు. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు నుంచి మాకు ఈ ఫిర్యాదు ఎక్కువగా వస్తోంది. 2జీ రేపే ఆగిపోతుందని ఎవరైనా అంటే కంగారు పడకండి, అలాంటి తేదీ ఏదీ మాకు రాలేదు. మాడ్యూళ్లు దొరకని వస్తువును అమ్ముతూ పోయి తర్వాత చేతులెత్తేయడం ఇష్టం లేకే ఇప్పుడే చెప్తున్నాం.

ముందు మీ దగ్గరున్నది ఏ మోడలో చూసుకోండి. ప్యానెల్ తలుపు లోపలి వైపు తెల్ల స్టిక్కర్ మీద ఉంటుంది. తలుపు తెరిచే ముందు ఫ్యూజులు పీకేయండి. తడి చేతులతో, తడి నేల మీద నిలబడి ముట్టుకోవద్దు.

ఎంఎస్-21 ఉన్నవాళ్లకు ఖర్చు తక్కువ. ప్యానెల్ మొత్తం మార్చక్కర్లేదు, లోపలి ఫోన్ బోర్డు ఒక్కటి తీసి 4జీ బోర్డు పెడితే చాలు. కాంటాక్టర్, ఓవర్‌లోడ్ రిలే, మీటరు, పెట్టె అన్నీ మీవే ఉంటాయి. బోర్డు ధర 2,900 రూపాయలు, బిగింపు కూలి మాదే. దీనికి కూడా మొత్తం ప్యానెల్ మార్చాలని ఎవరైనా చెప్తే ఒప్పుకోకండి, ముందు మాకు ఫోన్ చేయండి.

ఎంఎస్-20 పాతది. అందులోని వైరింగుకు కొత్త బోర్డు సరిపోదు. బోర్డు పోయినప్పుడో, సిగ్నల్‌తో విసిగిపోయినప్పుడో ప్యానెల్ మార్చుకోవడమే దారి. దాని బదులు ఎంఎస్-40 ఇస్తున్నాం. 5, 7.5 హెచ్‌పీ మోటార్లకు 8,600 రూపాయలు. పాత ప్యానెల్ తెచ్చిస్తే, అది పనిచేస్తున్నా చేయకున్నా, 1,500 తగ్గిస్తాం. ఈ తగ్గింపు 2027 మార్చి 31 వరకు ఉంటుంది. 10 హెచ్‌పీ, ఆపైన మోటార్లు నడిపేవాళ్లు ధర డీలర్ దగ్గర అడగండి. అవి స్టార్-డెల్టా ప్యానెళ్లు కాబట్టి లెక్క వేరు.

4జీ బోర్డయినా, ఎంఎస్-40 అయినా ఏ కంపెనీ సిమ్ అయినా పడుతుంది. 4జీ మీదే కాల్ అందుకుంటాయి కాబట్టి జియో సిమ్ కూడా పనిచేస్తుంది. వాడకం పాతదే: కాల్ చేస్తే మోటారు స్థితి వినిపిస్తుంది, మెసేజ్‌తో నడపాలంటే `ON`, `OFF`, `STATUS` అనే పంపాలి. కొత్త యాప్ ఒకటుంది, అది వాడకపోయినా నష్టమేమీ లేదు. సింగిల్ ఫేజ్ వచ్చినా, ఓల్టేజీ పడిపోయినా, బోరులో నీళ్లు అయిపోయినా మోటారు ఆగిపోయే రక్షణలన్నీ ఉన్నాయి. వెయ్యి అడుగుల లోతు నుంచి మోటారు పైకి తీయించి వైండింగ్ చేయించడం ఎంత ఖర్చో మీకు చెప్పనక్కర్లేదు. అందుకే డ్రై రన్ రక్షణను మాత్రం ఎప్పుడూ ఆఫ్ చేయించుకోవద్దు.

సిమ్ మార్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. స్టార్టర్‌లోని సిమ్‌కు రీచార్జి గడువు దాటి కొన్నాళ్లయితే వచ్చే కాల్స్ కూడా ఆగిపోతాయి. మా సర్వీసుకు వచ్చే ఫోన్లలో చాలావాటికి అసలు కారణం ఇదే. స్టార్టర్ చెడిపోయిందనుకునే ముందు ఆ నంబరుకు ఒకసారి కాల్ చేసి చూడండి.

ఏ సిమ్‌కూ సిగ్నల్ అందని పొలాలకు 4జీ పెట్టినా ఉపయోగం లేదు. అలాంటిచోట మేం దాన్ని అమ్మం. టైమర్ ప్యానెల్ ఎంటీ-10 తీసుకోండి, 5,400 రూపాయలు. కరెంటు వచ్చాక మీరు పెట్టిన వ్యవధి గడిచాకే మోటారు మొదలవుతుంది, పెట్టిన గంటలు అయిపోగానే ఆగుతుంది. ఆ మొదటి వ్యవధిని సున్నా చేయొద్దు. ఇలాంటి మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే ఆరు రెట్ల దాకా కరెంటు లాగుతుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ త్రీఫేజ్ రాగానే ఒక్కసారిగా లేస్తే అది కాలిపోతుంది. అప్పుడు అందరి పంటకూ నీళ్లు ఆగినట్టే. పక్క పొలాలవాళ్లతో మాట్లాడుకుని ఒకరు రెండు నిమిషాలు, ఇంకొకరు నాలుగు, మరొకరు ఆరు పెట్టుకోండి.

ఇక సర్వీసు సంగతి. ఆగస్టు 31 లోపు కొన్న ప్రతి స్టార్టర్‌కూ, చివరి రోజు కొన్నదానికీ, ఏడాది వారంటీ పూర్తిగా ఉంటుంది. అంటే ఆఖరి వారంటీ 2027 ఆగస్టు 31న ముగుస్తుంది. వారంటీలో ఉన్న 2జీ బోర్డు పోయి, మా దగ్గర అదే బోర్డు లేకపోతే, ఎంఎస్-21కు 4జీ బోర్డును, ఎంఎస్-20కి ఎంఎస్-40 ప్యానెల్‌ను ఉచితంగా ఇస్తాం.

వారంటీ దాటినవాటి 2జీ బోర్డులను 2029 మార్చి 31 వరకు డబ్బులకు రిపేరు చేస్తాం. ఆ తర్వాత ఆ బోర్డులు తీసుకోం. కాంటాక్టర్, రిలే, ఫ్యూజుల్లాంటి వాటికి గడువేమీ పెట్టడం లేదు, అవి బజారులో ఎక్కడైనా దొరికే సామాన్లే. ఫోన్‌లో సలహా కూడా ఎప్పటిలాగే ఇస్తాం.

డీలర్లకు: మీ దగ్గర మిగిలిన ఎంఎస్-20, ఎంఎస్-21 స్టార్టర్లను సీలు తీయకుండా ఉంటే సెప్టెంబరు 30 వరకు కొన్న ధరకే వెనక్కి తీసుకుంటాం. ఈలోగా అమ్మేటప్పుడు ఇది ఆగిపోతున్న మోడల్ అని కొనేవాళ్లకు చెప్పి, బిల్లు మీద కూడా రాయండి. చెప్పకుండా అంటగడితే ఆ గొడవ మీ అంగడి ముందుకే వస్తుంది. మెకానిక్‌లకు 4జీ బోర్డు మార్పుపై జూన్‌లో మా యూనిట్‌లో ఒకరోజు శిక్షణ ఉంటుంది. తేదీ మీ డీలర్ చెప్తారు, భోజనం మాదే.

మార్పిడి కావాలనుకునేవాళ్లు వారంటీ కార్డు వెనుక ఉన్న సర్వీసు నంబరుకు ఉదయం 8 నుంచి సాయంత్రం 6 లోపు ఫోన్ చేయండి. మోడల్, మోటారు హెచ్‌పీ, ఊరు చెప్తే చాలు. కార్డు పోయినా ఫర్వాలేదు, స్టిక్కర్ మీది సీరియల్ నంబరుతో మీ వివరాలు తీస్తాం. జూన్ 15 నుంచి పేర్లు రాసుకున్న వరుసలోనే మనిషిని పంపుతాం. బోర్డు పూర్తిగా పోయి మోటారు ఆగినవాళ్ల దగ్గరికి మాత్రం వరుస చూడకుండా ముందు వస్తాం, అది ఇప్పుడైనా సరే.

ఇట్లు,
సేల్స్, సర్వీసు విభాగం