ఒప్పా, తప్పా? శాశ్వత వారసత్వం, కామన్ సీల్, వాటాల బదిలీ

బి.కాం. కంపెనీ చట్టం: యూనిట్ పరీక్ష
సమయం: 40 నిమిషాలు. మార్కులు: 24

ప్రతి ప్రకటన ఎదురుగా ఒప్పు లేదా తప్పు అని రాయండి: 1 మార్కు. కారణం ఒక్క వాక్యంలో రాయండి: ఇంకో 1 మార్కు. కారణం రాయకుండా ఊహించి పెట్టిన జవాబుకు సగమే వస్తుంది. సెక్షన్ నంబరు గుర్తురాకపోతే టెన్షన్ పడొద్దు, విషయం సరిగ్గా ఉంటే చాలు. ప్రశ్నలన్నీ 2013 కంపెనీల చట్టం, దానికి తర్వాత వచ్చిన సవరణల ఆధారంగా ఇచ్చినవి.

భాగం ఎ

1. ఒక ప్రైవేటు కంపెనీలో ఉన్నదే ఇద్దరు సభ్యులు. ఇద్దరూ ఒకే ప్రమాదంలో చనిపోతే కంపెనీ కూడా అక్కడితో రద్దయిపోతుంది.

2. శాశ్వత వారసత్వం ఉంది కాబట్టి, ఒకసారి రిజిస్టరైన కంపెనీకి ఇక అంతం ఉండదు.

3. భాగస్వామ్య సంస్థలో ఒక భాగస్వామి చనిపోతే, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు సంస్థ రద్దవుతుంది.

4. భారతదేశంలో రిజిస్టరైన ప్రతి కంపెనీకీ కామన్ సీల్ తప్పనిసరి.

5. కామన్ సీల్ లేని, కంపెనీ సెక్రటరీ కూడా లేని ప్రైవేటు కంపెనీలో వాటా సర్టిఫికెట్ మీద ఇద్దరు డైరెక్టర్లు సంతకం చేస్తే అది చెల్లుతుంది.

6. కామన్ సీల్ పెట్టుకున్న కంపెనీ దాని మీద తన పేరు స్పష్టంగా చెక్కించాలి.

భాగం బి

కింది పేరా చదివి 7 నుంచి 10 వరకు జవాబులు రాయండి.

తాడేపల్లిగూడెంలో ఒక కుటుంబం రైస్ మిల్లును ప్రైవేటు లిమిటెడ్ కంపెనీగా నడుపుతోంది. తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు సభ్యులు. తండ్రి వాటా 60 శాతం. మిల్లు ఉన్న 2 ఎకరాల స్థలం కంపెనీ పేరున రిజిస్టరై ఉంది. వాటాలు అమ్మదలిచిన సభ్యుడు ముందుగా మిగతా సభ్యులకు చెప్పాలని, వాళ్లు వద్దంటేనే బయటివాళ్లకు అమ్మాలని కంపెనీ నియమావళిలో ఉంది. 2025 జూన్‌లో తండ్రి మరణించాడు.

7. తండ్రికి 60 శాతం వాటా ఉంది కాబట్టి, ఆ 2 ఎకరాల్లో 60 శాతం భూమి వారసులకు పంపకానికి వస్తుంది.

8. తండ్రి వాటాలు తమ పేరుకు మారాలంటే వారసులు ఎస్‌హెచ్-4 ఫారం నింపి ఇచ్చి తీరాలి.

9. చిన్నకొడుకు చెల్లెలికీ అన్నకూ మాటమాత్రమైనా చెప్పకుండా తన వాటాలను భీమవరంలోని ఒక వ్యాపారికి అమ్మాడు. ఆ బదిలీని నమోదు చేయడానికి కంపెనీ నిరాకరించవచ్చు.

10. మిల్లు వాటాలు అల్లుళ్లకు, కోడళ్లకు అమ్మకూడదని అన్నదమ్ములు, చెల్లెలు విడిగా స్టాంపు పేపరు మీద రాసుకున్నారు. నియమావళిలో ఆ మాట లేదు. అయినా ఆ కాగితం చూపించి కంపెనీ బదిలీని ఆపవచ్చు.

భాగం సి

11. పబ్లిక్ కంపెనీ వాటాలు స్వేచ్ఛగా బదిలీ చేయదగినవి కాబట్టి, వాటి బదిలీ గురించి ఇద్దరు వాటాదారులు చేసుకున్న ఒప్పందానికి చట్టంలో విలువ లేదు.

12. లిస్టెడ్ కంపెనీ వాటాలను ఈరోజు అమ్మాలంటే అవి డీమ్యాట్ రూపంలో ఉండాలి.

జవాబులు, వివరణ

1. తప్పు. సభ్యులు వేరు, కంపెనీ వేరు. ఆస్ట్రేలియాలో 1967 నాటి నోయెల్ టెడ్‌మన్ హోల్డింగ్స్ కేసులో సరిగ్గా ఇదే జరిగింది. భార్యాభర్తలే సభ్యులు, వాళ్లే డైరెక్టర్లు. రోడ్డు ప్రమాదంలో ఇద్దరూ పోయారు. కంపెనీ మాత్రం నిలిచే ఉంది. మన చట్టంలో కూడా వాటాలు వారసులకు సంక్రమిస్తాయి, కంపెనీ సాగుతుంది.

2. తప్పు. "శాశ్వత" అన్న మాట చూడగానే చాలామంది ఒప్పు అని పెట్టేస్తారు. సభ్యుల చావు, దివాలా, వాటాల అమ్మకం కంపెనీని అంతం చేయవు, అంతవరకే. చట్టం పుట్టించిన కంపెనీని చట్టమే మూసేయగలదు. లిక్విడేషన్ పూర్తయి రద్దు కావచ్చు, లేదా 248వ సెక్షన్ కింద రిజిస్ట్రారు దాని పేరును రిజిస్టరు నుంచి కొట్టేయవచ్చు.

3. ఒప్పు. 1932 భాగస్వామ్య చట్టం 42వ సెక్షన్.

4. తప్పు. ఈ ప్రశ్న ఇందులో ఉండి తీరాలి. పాత గైడ్లలో కామన్ సీల్‌ను కంపెనీ "అధికారిక సంతకం" అని చెప్పి, అది లేనిదే కంపెనీ లేదన్నట్టు రాసి ఉంటుంది. 1956 చట్టం నాటికి అది సరైన మాటే. 2013 చట్టం 9వ సెక్షన్‌లో కూడా మొదట శాశ్వత వారసత్వంతో పాటు కామన్ సీల్ ప్రస్తావన ఉండేది. 2015 సవరణతో ఆ మాటను తీసేశారు, 2015 మే 29 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఇప్పుడు సీల్ కంపెనీ ఇష్టం. లక్షణాల జాబితాలో కామన్ సీల్ రాసేవాళ్లు పక్కనే "ఐచ్ఛికం" అని రాయకపోతే పూర్తి మార్కులు ఇవ్వడం కుదరదు.

5. ఒప్పు. 46వ సెక్షన్. కంపెనీ సెక్రటరీని నియమించి ఉంటే ఒక డైరెక్టరు, సెక్రటరీ సంతకం చేస్తారు.

6. ఒప్పు. సీల్ పెట్టుకోవడం ఐచ్ఛికమే గానీ, పెట్టుకున్నాక దాని మీద పేరు ఉండాల్సిందే. 12వ సెక్షన్‌లో "సీల్ ఉంటే" అన్న షరతు గమనించండి.

7. తప్పు. మొత్తం పేపర్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఊళ్లో అందరూ "ఆయన మిల్లు, ఆయన స్థలం" అనే అంటారు. పట్టాలో ఉన్నది మాత్రం కంపెనీ పేరు. తండ్రి బతికున్నప్పుడు కూడా ఆ స్థలంలో ఆయనకు సెంటు భూమి లేదు, ఉన్నవి వాటాలు. 44వ సెక్షన్ ప్రకారం వాటాలు చరాస్తి. వారసులకు వచ్చేవీ ఆ వాటాలే. 2 ఎకరాలూ కంపెనీ పేరునే ఉంటాయి, స్థలానికి మళ్లీ రిజిస్ట్రేషన్ అవసరం లేదు. ఇలాంటి తగాదాల్లో కుటుంబాలు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగడానికి మొదటి కారణం ఈ తేడా తెలియకపోవడమే.

8. తప్పు. ఎస్‌హెచ్-4 బదిలీకి వాడే ఫారం. అమ్మేవాడు, కొనేవాడు సంతకం చేసి, ఆ తేదీ నుంచి 60 రోజుల్లో కంపెనీకి ఇవ్వాలి. చనిపోయిన మనిషి సంతకం చేయలేడు కదా. మరణం వల్ల చట్టరీత్యా వచ్చేది సంక్రమణ. అందుకు వారసత్వ రుజువులతో కంపెనీకి తెలియజేస్తే సరిపోతుంది.

9. ఒప్పు. వాటాల బదిలీపై పరిమితి ఉండటం ప్రైవేటు కంపెనీ నిర్వచనంలోనే ఉంది. అయితే బదిలీ పత్రం అందిన 30 రోజుల్లో కారణాలు చూపుతూ నోటీసు పంపాలి. కొన్నవాడు ఆ నోటీసు అందిన 30 రోజుల్లో కంపెనీ లా ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఈ కంపెనీకి అది అమరావతి బెంచి.

10. తప్పు. 9కీ 10కీ తేడా పట్టుకున్న విద్యార్థికి ఈ పాఠం వచ్చినట్టే. వి.బి. రంగరాజ్ కేసులో సుప్రీంకోర్టు 1991లో తేల్చిన విషయం ఇది: నియమావళిలో లేని ఆంక్ష కంపెనీని గానీ వాటాదారులను గానీ కట్టిపడేయదు. అక్కడా కుటుంబ కంపెనీయే, అక్కడా విడిగా చేసుకున్న ఒప్పందమే. ఆంక్ష కావాలంటే నియమావళిని సవరించుకోవాలి.

11. తప్పు. 58వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ మొదట స్వేచ్ఛగా బదిలీ అంటుంది. వెంటనే, వ్యక్తుల మధ్య బదిలీ ఒప్పందం కాంట్రాక్టుగా అమలవుతుందని చెబుతుంది. మొదటి సగం చదివి ఆగిపోయినవాళ్లు ఇక్కడ మార్కు పోగొట్టుకుంటారు.

12. ఒప్పు. 2019 ఏప్రిల్ 1 నుంచి సెబీ నిబంధన ఇది. వాటాదారు మరణించినప్పుడు జరిగే సంక్రమణకు ఆ గడువు వర్తించలేదు. కాబట్టి తాతగారి బీరువాలో దొరికిన కాగితం సర్టిఫికెట్లను చెల్లవని పారేయకండి. ముందు వాటిని వారసుల పేరుకు మార్పించి డీమ్యాట్ చేయించుకోవాలి, అమ్మకం ఆ తర్వాత.