విషయం: ఫ్లోరైడ్ బుక్‌లెట్ ఆలస్యానికి క్షమాపణ – నిన్న రాత్రి మెయిల్ బదులు దయచేసి ఇది చదవండి

సునీత మేడమ్ గారికి,

నమస్కారం.

బడిపిల్లల ఫ్లోరైడ్ బుక్‌లెట్లు 1,500 కాపీలు నిన్న, అంటే నవంబర్ 10 సోమవారం సాయంత్రానికి మీ ఆఫీసుకు చేరాలి. నేను చేర్చలేదు. తప్పు పూర్తిగా నాది. క్షమించండి.

నిన్న రాత్రి పదకొండు గంటలకు మీకు ఒక మెయిల్ పంపాను. దాన్ని నా జవాబుగా తీసుకోవద్దని కోరుతున్నాను. అందులో ‘అనివార్య కారణాల వల్ల స్వల్ప జాప్యం జరిగినందుకు చింతిస్తున్నాము’ అని రాశాను. పొద్దున లేచి మళ్లీ చదివితే నాకే సిగ్గేసింది. జాప్యం దానంతట అది జరగలేదు, నేను చేశాను. కరెంటు పోయిందని, ప్లేట్లు ఆలస్యమయ్యాయని కూడా రాశాను. ఆదివారం రెండు గంటలు కరెంటు పోయిన మాట నిజమే. కానీ రెండు గంటలు కరెంటు పోతే రెండు వారాల పని ఆగదు.

జరిగింది ఇది. మీరు మేటర్ పంపింది అక్టోబర్ 27న. 24 పేజీలే కదా, రెండు రోజుల్లో అయిపోతుందిలే అనుకున్నాను. వరుసగా వచ్చిన పెళ్లి కార్డుల పనులు ముందు పెట్టుకున్నాను. మీ ఫైలు తెరిచింది నవంబర్ 6న. తెరిచాక తెలిసింది, మీ మేటర్ యూనికోడ్‌లో ఉంది, మా దగ్గర పేజీలు కట్టేది ‘అను’ ఫాంట్లలో. మార్చేసరికి చాలాచోట్ల వత్తులు చెదిరిపోయాయి. ఏడు పేజీలు మళ్లీ చేత్తో కొట్టాల్సి వచ్చింది.

ఆ ఏడింటిలో 9వ పేజీ ఒకటి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మీరు రాసిన చోట, టైపింగులో చుక్క పడక ‘15 మిల్లీగ్రాములు’ అయింది. శనివారం రాత్రి ప్రూఫ్ చూస్తుంటే కనిపించింది. నాకు కాసేపు చెయ్యి ఆడలేదు. ఆ ఒక్క చుక్క లేకుండా అచ్చయి ఉంటే, పది రెట్లు ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు కూడా తాగొచ్చని మన పుస్తకమే పిల్లలకు చెప్పి ఉండేది. మా నాయనమ్మది మర్రిగూడ వైపు. నాకు ఊహ తెలిసేనాటికే ఆమె నడుము వంగిపోయింది, గోడ పట్టుకోకుండా లేవలేకపోయేది. ఈ పుస్తకం ఏ ఊళ్లకు వెళ్తుందో, ఎందుకు వెళ్తుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి పనిని పెళ్లి కార్డుల వెనక పెట్టడం నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

ఫాంట్ల సంగతి సాకుగా చెప్పడం లేదు మేడమ్. ఫైలు వచ్చిన రోజే తెరిచి ఉంటే ఇవన్నీ దిద్దుకోవడానికి వారానికి పైగా టైం ఉండేది. టైపింగ్ చేసిన అమ్మాయి తప్పు కూడా కాదు, అంత తొందర పెట్టింది నేనే.

ఆలస్యం కన్నా పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. శనివారం మధ్యాహ్నం మీరు ఫోన్ చేసి అడిగితే ‘అయిపోవచ్చింది మేడమ్, సోమవారం ఖాయం’ అన్నాను. అప్పటికి ప్లేట్లు కూడా తీయలేదు. నా మాట నమ్మి మీరు నిన్న వాలంటీర్లను పిలిపించారు, వాళ్లు సాయంత్రం దాకా కూర్చుని వెళ్లిపోయారు. 11 బడుల హెడ్మాస్టర్లకు మీరు మాట ఇచ్చి ఉన్నారు. ఆరోజే ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే మీ ఏర్పాట్లు మీరు మార్చుకునేవారు. ఆ అవకాశం మీకు లేకుండా చేసినందుకు ప్రత్యేకంగా క్షమాపణ అడుగుతున్నాను.

ఇప్పుడు పని ఎక్కడుందంటే, 24 పేజీలూ దిద్దడం అయిపోయింది. మీ మేటర్‌తో అక్షరం అక్షరం పక్కపక్కన పెట్టుకుని నేనూ, ఇంకొకరూ విడివిడిగా చదివాం. తుది ప్రూఫ్ ఈ మెయిల్‌తో పంపుతున్నాను. 9వ పేజీ మాత్రం మీరు స్వయంగా ఒకసారి చూడాలి. 14వ పేజీలో ఒక చిన్న సందేహం ఉంది. ‘నీళ్లు కాచి చల్లార్చి తాగాలి’ అని ఉంది కదా. అది రోగక్రిములకు సంబంధించిన జాగ్రత్త అని పెద్దవాళ్లకు తెలుస్తుంది, కానీ పిల్లలు కాస్తే ఫ్లోరైడ్ కూడా పోతుందనుకుంటారేమో. ‘కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు’ అని కింద ఒక లైను వేయడానికి చోటు ఉంది. మేటర్ మీది, నిర్ణయం మీదే. మీరు ఎలా అంటే అలా వేస్తాను.

ఈ రోజు మధ్యాహ్నం 12 గంటలలోపు మీరు ఓకే అంటే, 3 గంటలకు ప్లేట్లు వస్తాయి. మిషన్ టైం సాయంత్రం 5 నుంచి మీ పనికే పెట్టాను, వేరే పని ఎక్కదు. పేపర్ మా దగ్గరే ఉంది. ముందు కవర్లు కొట్టి ఆరబెడతాం, తడి ఆరకుండా పిన్ను కొడితే రంగు అంటుకుంటుంది, అందుకే రాత్రంతా ఆరనిస్తాం. రేపు టీచర్ల శిక్షణకు మీకు 400 కాపీలు కావాలి కాబట్టి అవి ముందు పిన్నింగ్ చేయించి, రేపు, బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు, భోజనాల టైంకు, శిక్షణ జరిగే చోటికే నేను తెస్తాను. ఉదయం సెషన్‌కు అందవు, అది ముందే చెబుతున్నాను. ఆ సెషన్‌కు 9వ పేజీ, బొమ్మల పేజీలు జిరాక్స్ తీసి 50 సెట్లు ఉదయం 9 గంటలకల్లా పంపిస్తాను, వాటికి బిల్లు లేదు.

మిగతా 1,100 కాపీలు గురువారం సాయంత్రానికి బడిపేరుతో విడివిడిగా కట్టలు కట్టి, 11 బడులకూ మా బండిలోనే దింపిస్తాం. 14వ తేదీ బాలల దినోత్సవానికి ప్రతి బడిలో పుస్తకాలు ఉంటాయి. ఈ రాత్రి 9 గంటలకు మిషన్ మీద నుంచి అచ్చయిన షీటు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతాను. ఎక్కడైనా గంట ఆలస్యమయ్యేలా ఉన్నా నేనే ఫోన్ చేసి చెబుతాను, మీరు అడిగేదాకా ఆగను.

బిల్లు విషయం. మనం అనుకున్నది 31,500 రూపాయలు. అందులో 4,725 తగ్గించి 26,775కు బిల్లు వేస్తున్నాను. మీరిచ్చిన అడ్వాన్సు 10,000 పోను 16,775 మిగులుతుంది. అది కూడా పుస్తకాలన్నీ బడులకు చేరాయని మీరు చూసుకున్నాకే ఇవ్వండి. బండి ఖర్చు నాదే.

ఇంత జరిగాక ఈ పని వేరే ప్రెస్‌లో చేయించుకోవాలని మీకు అనిపిస్తే, అది న్యాయమే. ఒక్క మాట చెప్పండి చాలు. దిద్దిన ఫైళ్లన్నీ అరగంటలో పంపిస్తాను, డీటీపీ చార్జీలు తీసుకోను, అడ్వాన్సు ఈ రోజే మీ ఖాతాలో వేస్తాను.

పదిన్నరకు మీ ఆఫీసుకు స్వయంగా వస్తున్నాను, ప్రూఫ్ ప్రింటు తెస్తాను. మీకు ఆ టైం కుదరకపోతే చెప్పండి, మీరు చెప్పినప్పుడు వస్తాను. నిన్న వచ్చి వెళ్లిన వాలంటీర్లలో ఎవరైనా అక్కడ ఉంటే వాళ్లకూ క్షమాపణ చెప్పుకుంటాను.

భవదీయుడు,
రమేశ్
డీటీపీ, ఆఫ్‌సెట్ ప్రింటింగ్ పనులు
గడియారం సెంటర్, నల్లగొండ
నవంబర్ 11, మంగళవారం, ఉదయం 7.40