రాగి మాల్ట్ రీల్: షూట్‌కు ముందు స్క్రిప్ట్ చెక్‌లిస్ట్

స్క్రిప్ట్: మొలకెత్తిన రాగుల మాల్ట్ పొడి, 45 సెకన్ల రీల్, మూడో డ్రాఫ్ట్
షూట్: శనివారం ఉదయం 7 గంటలకు, విశాఖ మధురవాడలో అద్దెకు తీసుకున్న ఇల్లు
చెక్: గురువారం సాయంత్రం 5 లోపు
కూర్చోవాల్సినవాళ్లు: రైటర్, డైరెక్టర్, క్లయింట్ తరఫున ఫ్యాక్టరీ మేనేజర్ మేడం. ముగ్గురూ ఒకే చోట కూర్చోవాలి. వాట్సాప్‌లో "ఓకే" అని పెడితే చెక్ అయినట్టు కాదు.

ప్రతి లైను పక్కన మూడు మాటల్లో ఒకటి రాయాలి. ఆధారం కాగితం చేతిలో ఉంటే "ఉంది". క్లయింట్ పంపాల్సి ఉంటే "రావాలి". దొరకదని తేలితే "తీసెయ్". "చూద్దాం" అని రాయొద్దు.

ఇదంతా షూట్‌కు ముందే ఎందుకంటే, గతేడాది ఒక జుట్టు నూనె వీడియోలో యాంకర్ "30 రోజుల్లో" అని కెమెరా వైపు చూస్తూ చెప్పింది. ఎడిట్‌కు వచ్చాక రిపోర్ట్ అడిగితే అసలు టెస్టే చేయించలేదన్నారు. పెదాల కదలిక క్లోజప్‌లో కనిపిస్తోంది కాబట్టి డబ్బింగ్‌లో మార్చే వీలు లేకపోయింది. ఇంకో రోజంతా షూట్ చేయాల్సి వచ్చింది.

మొదట ఒకసారి చూసే మనిషిలా చదవండి

☐ స్క్రిప్ట్‌ను ఒకరు పైకి చదవాలి, మిగతా ఇద్దరూ కాగితం చూడకుండా వినాలి. అయ్యాక "ఈ పొడి తాగితే ఏమవుతుందని మీకు అనిపించింది?" అన్న ప్రశ్నకు విడివిడిగా జవాబు రాయాలి. ఆ జవాబే మన క్లెయిమ్. మనం ఆ మాట వాడామా లేదా అన్నది తర్వాతి సంగతి. ఇద్దరిలో ఒక్కరు "షుగర్ తగ్గుతుంది" అని రాసినా, స్క్రిప్ట్‌లో ఆ అర్థం ఎక్కడినుంచి వస్తోందో వెతికి పట్టుకోవాలి.

☐ మాటలు పక్కన పెట్టి షాట్లు మాత్రమే చదవండి. ఈ డ్రాఫ్ట్‌లో నాకు అన్నిటికంటే భయం కలిగించింది ఆరో షాట్. అమ్మమ్మ మాత్రల డబ్బా పక్కకు నెట్టి, నవ్వుతూ మాల్ట్ గ్లాసు అందుకుంటుంది. డైలాగ్ ఒక్కటీ లేదు. కానీ చూసేవాళ్లకు తెలిసేది ఒకటే, ఇది తాగితే మందులు అక్కర్లేదని. ఎవరో ఒక పెద్దావిడ అది చూసి నిజంగానే మాత్రలు మానేస్తే? డబ్బా ఫ్రేమ్‌లోనే ఉండకూడదు. తీసెయ్.

☐ తొమ్మిదో షాట్‌లో గోడ మీద పిల్లాడి ఎత్తు గీతలు పైకి జరుగుతాయి. "ఎత్తు పెరుగుతాడు" అన్న లైను తీసేసి ఈ షాట్ ఉంచితే తీసేసినట్టు కాదు. రెండూ కలిసే పోవాలి.

☐ తెల్లకోటు వేసుకున్న నటుడు ఎక్కడా కనిపించకూడదు. "డాక్టర్లు కూడా చెప్తున్నారు" అన్న లైనూ వద్దు.

లైను లైనుకూ ఆధారం

☐ 0:08, "పాల కంటే మూడు రెట్లు కాల్షియం".

దీని మీద ఎక్కువసేపు కూర్చోవాలి. ఇది అబద్ధం కాదు, అందుకే ప్రమాదం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, 100 గ్రాముల ఆవు పాలలో సుమారు 118. అంటే మూడు రెట్లే. కానీ అది ఎండు గింజలకు, నీళ్లతో నిండిన పాలకు పెట్టిన పోటీ. 100 గ్రాముల రాగులు ఒక్క గ్లాసులో ఎవరూ తాగరు.

మన ప్యాకెట్ లెక్క చూడండి. పొడిలో రాగులు 60 శాతం. ఒకసారికి వేసుకోమని ప్యాకెట్ మీద రాసింది 20 గ్రాములు. అందులో రాగులు 12 గ్రాములు, కాల్షియం సుమారు 44 మిల్లీగ్రాములు. 200 మిల్లీలీటర్ల గ్లాసుడు పాలలో దాదాపు 236. గ్లాసుకు గ్లాసు పెడితే నీళ్లలో కలిపిన మాల్ట్‌లో రాగుల నుంచి వచ్చేది పాలలో ఐదో వంతు కూడా కాదు. పైగా రాగుల్లోని ఫైటేట్లు అనే పదార్థాలు కాల్షియాన్ని కొంత ఒంటికి పట్టనివ్వవు. మొలకెత్తిస్తే అవి తగ్గుతాయి, పూర్తిగా పోవు. ఈ లైను విని ఒక తల్లి పిల్లాడికి పాలు మానిపించి మాల్ట్ ఇస్తే మనం చెప్పింది ఆమెకు నష్టమే చేసింది.

ఉంచగలిగిన మాట: "రాగుల్లో సహజంగా కాల్షియం ఉంటుంది." దీనికీ మన పొడి ల్యాబ్ రిపోర్ట్‌లో కాల్షియం అంకె ఉండాలి. రావాలి.

☐ 0:14, "చక్కెర అస్సలు లేదు". ప్యాకెట్ వెనక పదార్థాల్లో రెండోది బెల్లం. "చక్కెర కలపలేదు" అని చెప్పాలంటే ఏ రూపంలోనూ చక్కెర కలపకూడదు, తేనె కూడా లెక్కలోకి వస్తుంది. "షుగర్ ఫ్రీ" అనాలంటే 100 గ్రాములకు అర గ్రాము దాటకూడదు. తీసెయ్. "బెల్లంతో తీపి" అంటే నిజమూ అదే, వినడానికీ బాగుంది.

☐ 0:17, "షుగర్ ఉన్నవాళ్లు కూడా హాయిగా తాగొచ్చు". పై లైను నిజం కాదని తేలాక దీనికి చోటే లేదు. ఆహార పదార్థం జబ్బును తగ్గిస్తుందని, నయం చేస్తుందని ప్రకటనలో చెప్పకూడదు. "హాయిగా" తీసి "మితంగా" పెడదామని రైటర్ అన్నారు. ఒప్పుకోలేను. తీసెయ్.

☐ 0:20, "ఫైబర్ పుష్కలం". ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల్లో ఘన పదార్థానికి 100 గ్రాములకు 3 గ్రాములుంటే ఫైబర్ ఉందని, 6 గ్రాములుంటే ఎక్కువ ఉందని చెప్పుకోవచ్చు. రాగుల లెక్కను బట్టి చూస్తే మన పొడి 6 దగ్గరే తచ్చాడుతుంది. ఇలాంటి చోట లెక్క సరిపోదు, రిపోర్ట్ కావాలి. రావాలి.

☐ 0:23, "ఇంటిల్లిపాదికీ హెల్త్ డ్రింక్". మన ఆహార చట్టంలో "హెల్త్ డ్రింక్" అనే రకమే లేదు. 2024 ఏప్రిల్‌లో ఇదే కారణంతో ఆన్‌లైన్ అమ్మకపు సైట్లను ఆ వర్గం నుంచి ఇలాంటి పానీయాలు తీసేయమన్నారు. "రాగి మాల్ట్" అనండి చాలు.

☐ 0:26, "అచ్చం ఇంట్లో చేసిందే". ఫ్యాక్టరీలో మెషిన్ మీద తయారైంది. తీసెయ్. "100% సహజం" కూడా అలాగే.

☐ 0:28, "మన్యం చోళ్లతో". నాకు ఈ లైను చాలా ఇష్టం, ఉండాలనే ఉంది. పాడేరు, అరకు వైపు రైతుల దగ్గర కొన్నట్టు ఈ ఏడాది బిల్లులు కావాలి. కొంత సరుకు కర్ణాటక వ్యాపారుల నుంచి కూడా వస్తుందని మేడం మాటల్లో దొర్లింది. అలా కలిసి ఉంటే ఈ మాట పనికిరాదు. ఉంచితే ఒక్కసారైనా "రాగులు" అనాలి, తెలంగాణలో తైదలు అనేవాళ్లకు చోళ్లంటే వెంటనే తట్టదు. రావాలి.

☐ 0:31, "వేలమంది తల్లుల నమ్మకం". ఎన్ని ఆర్డర్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు? ఆర్డర్ల సంఖ్యను తల్లుల సంఖ్య అనలేం. తీసెయ్.

ఆఫర్

రైటర్ రాసింది యథాతథంగా: "ఇప్పుడే కొనండి, ₹149 నుంచే! రెండు కొంటే ఒకటి ఉచితం, డెలివరీ ఫ్రీ, నచ్చకపోతే డబ్బు వాపస్!"

☐ ₹149 ఏ ప్యాకెట్‌కు? 200 గ్రాములకు. కానీ యాంకర్ చేతిలో ఉండేది 500 గ్రాముల ప్యాకెట్, దాని ఎంఆర్‌పీ ₹349. ధర చెప్పే క్షణంలో చేతిలో 200 గ్రాముల ప్యాకెట్టే ఉండాలి. ప్రాపర్టీ లిస్టులో ఇప్పుడే చేర్చండి.

☐ ఉచితంగా వచ్చే ఆ "ఒకటి" ఏది? క్లయింట్ ఉద్దేశం: 500 గ్రాములవి రెండు కొంటే 200 గ్రాములది ఒకటి. వినేవాళ్లకు అర్థమయ్యేది: మూడోది కూడా 500 గ్రాములే. మార్చిన లైను: "అరకిలో ప్యాకెట్లు రెండు తీసుకుంటే, 200 గ్రాముల ప్యాకెట్ ఉచితం." పొడవైందని డైరెక్టర్ బాధపడతారు. తీసేసిన క్లెయిమ్‌ల వల్ల దాదాపు 12 సెకన్లు మిగిలాయి, అందులో సరిపోతుంది.

☐ డెలివరీ ఫ్రీ అన్నది ₹499 దాటితేనే. ₹149 పక్కనే ఆ మాట వస్తే ఒక్క చిన్న ప్యాకెట్ కొన్నవాళ్లు చివర్లో ఛార్జీ చూసి మోసపోయామనుకుంటారు. షరతుతో కలిపి చెప్పండి, లేదా వదిలేయండి.

☐ డబ్బు వాపస్: తెరిచిన ప్యాకెట్‌కా, తెరవనిదానికా? ఎన్ని రోజుల్లో? మేడం దగ్గర ఇంకా జవాబు లేదు. నచ్చలేదని తెలియాలంటే ప్యాకెట్ తెరవాల్సిందే కదా! తెరిచినదానికి వాపస్ ఇవ్వకపోతే ఈ మాట తీసెయ్.

☐ ఆఫర్ ఎప్పటివరకు? "ఇప్పుడే" అంటే రీల్ ఆరు నెలల తర్వాత చూసినవాళ్లకూ ఇప్పుడే. ముగింపు తేదీ స్క్రీన్ మీద ఉండాలి. స్టాక్ ఎన్ని ప్యాకెట్లు ఉందో మేడం రాసి ఇవ్వాలి.

☐ ఆర్డర్ ఎక్కడికి వెళ్తుంది? ఆంధ్ర, తెలంగాణలకే. మనం రీల్ పెట్టే పేజీని అమెరికాలో ఉన్న పిల్లలు చూసి ఇక్కడి అమ్మానాన్నలకు పంపుతుంటారు, అక్కడికీ పంపమని కామెంట్లలో అడుగుతారు. ఒక్క వరుస స్క్రీన్ మీద వేస్తే చాలు.

☐ సెట్‌లో ఈ స్క్రిప్ట్ తెలియని ఒకరికి, మేకప్ అక్కకో లైట్ తమ్ముడికో, ఆఫర్ ఒక్కసారే వినిపించండి. ఎంత డబ్బు ఇస్తే ఏమేం చేతికొస్తాయో చెప్పమనండి. తడబడితే తప్పు వాళ్లది కాదు, లైను మార్చాలి.

స్క్రీన్ మీద అక్షరాలు

☐ షరతులు తెలుగులోనే, మాట వినిపించేటప్పుడే, ఆ మాట రాసిన ఫాంట్‌లోనే. ప్రకటనల మీద 2022 కేంద్ర మార్గదర్శకాలు అడిగేది ఇదే. షరతు ఉన్న ప్రతి షాట్‌లో కింద ఖాళీ వదిలి ఫ్రేమ్ పెట్టమని కెమెరామన్‌కు చెప్పాలి.

☐ "పెయిడ్ ప్రమోషన్" అని యాంకర్ నోటితో చెప్పాలి, స్క్రీన్ మీదా ఉండాలి. కింద డిస్క్రిప్షన్‌లో పెట్టడం చాలదు.

☐ ఆధారాల కాపీలు యాంకర్‌కూ ఇవ్వండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు ₹10 లక్షల దాకా జరిమానా తయారు చేసేవాళ్లకే కాదు, ప్రచారం చేసినవాళ్లకూ పడొచ్చు. తాను చెప్పేదానికి ఆధారం అడిగే హక్కు ఆ అమ్మాయికి ఉంది.

షూట్ రోజు

☐ సెట్‌లో కొత్తగా పుట్టిన మాట ఏదైనా ఆరోగ్యం గురించో డబ్బు గురించో అయితే, అసిస్టెంట్ డైరెక్టర్ టేక్ నంబరుతో రాసుకోవాలి. అది లేకుండా ఇంకో టేక్ కూడా తీయాలి.

☐ కాల్షియం, ఫైబర్ రిపోర్టులు, చోళ్ల బిల్లులు శుక్రవారం మధ్యాహ్నం 12కల్లా రావాలి. ఏది రాకపోతే ఆ లైను లేని కాపీనే సాయంత్రం యాంకర్‌కు పంపాలి. పాత డ్రాఫ్టుల ప్రింట్లు సెట్‌కు తేవద్దు.