మామిడి గుజ్జు కంపెనీకి వెల కట్టడం: పోలిక పద్ధతి, డీసీఎఫ్
(వెంచర్ ఫైనాన్స్ కోర్సు, తిరుపతి: క్లాసు నోట్సు)

చిత్తూరు దగ్గర మూడేళ్ల కిందట మొదలైన ఒక కంపెనీని ఊహించుకుందాం. తోతాపురి కాయ కొని గుజ్జు తీస్తుంది. పెద్ద డ్రమ్ముల్లో ఎగుమతిదారులకు అమ్మకుండా, చిన్న ప్యాకెట్లలో నింపి జ్యూస్ షాపులకు, హోటళ్లకు నేరుగా పంపుతుంది. పోయిన ఏడాది అమ్మకాలు 4 కోట్లు. బ్యాంకు అప్పు 1 కోటి, చేతిలో నగదు 50 లక్షలు. ఇప్పుడు 1.5 కోట్ల పెట్టుబడి కావాలి. ఆ డబ్బుకు ఎంత వాటా ఇవ్వాలి? ఈ అంకెలన్నీ మన క్లాసు కోసం వేసుకున్నవే. లెక్క కట్టే తీరు మాత్రం నిజంగా వాడేదే.

ముందు పోలిక పద్ధతి చూద్దాం. పలమనేరులో ఇల్లు కొనేవాళ్లు పక్క వీధిలో ఇల్లు ఎంతకు పోయిందో అడుగుతారు. ఇక్కడ చేసేదీ అదే. ఇంటికి చదరపు అడుగు కొలత అయితే, కంపెనీకి అమ్మకాలో, వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభమైన ఎబిటానో కొలత. మన కంపెనీకి లాభం ఇంకా నిలకడగా లేదు కాబట్టి అమ్మకాలనే తీసుకుందాం. మూడు కంపెనీలు దొరికాయనుకోండి. స్థిరపడిన గుజ్జు ఫ్యాక్టరీ అమ్మకాలకు 1.2 రెట్ల విలువ పలుకుతోంది. ప్యాకెట్లలో అమ్మే మధ్యస్థాయి కంపెనీ 2.0 రెట్లు, పట్టణాల్లో పేరున్న డ్రింకు బ్రాండు 5.5 రెట్లు.

సగటు తీస్తే 2.9 వస్తుంది. అది వాడకండి. ఆ బ్రాండు అమ్మేది గుజ్జు కాదు, పేరు. అదొక్కటే సగటును పైకి లాగేసింది. మధ్య విలువ 2.0 తీసుకుంటే కంపెనీ మొత్తం విలువ 8 కోట్లు. పోల్చిన కంపెనీల షేర్లు మార్కెట్లో ఎప్పుడంటే అప్పుడు అమ్ముకోవచ్చు. మన కంపెనీ వాటా కొన్నవాళ్లకు ఆ వీలు లేదు. దానికి 25 శాతం తగ్గిస్తే 6 కోట్లు. ఎంత తగ్గించాలన్నది అంచనాయే, అందుకే ఎందుకు అంత తగ్గించారో రాతపూర్వకంగా పెట్టండి.

ఇందులో అప్పు తీసేసి నగదు కలపాలి: 6 − 1 + 0.5 = 5.5 కోట్లు. వాటాదారులది ఇదే. ఈ ఒక్క మెట్టు మర్చిపోయి పరీక్షలో మార్కులు పోగొట్టుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. బయట ఒప్పందంలో మర్చిపోతే పోయేది మార్కులు కాదు.

ఇక డీసీఎఫ్. వచ్చే ఏళ్లలో చేతికొచ్చే నగదును ఈరోజు విలువకు తేవడం. ఇక్కడ లాభానికీ నగదుకూ తేడా బాగా అర్థం కావాలి, మామిడి వ్యాపారంలో అయితే మరీ. కాయ వేసవిలో కొన్ని వారాలే వస్తుంది. రైతుకు అప్పుడే డబ్బు కట్టాలి. గుజ్జు మాత్రం ఏడాది పొడుగునా అమ్ముడవుతుంది. అమ్మకాలు పెరిగిన కొద్దీ గోడౌన్లో సరుకు రూపంలో ఇరుక్కునే డబ్బూ పెరుగుతుంది. లాభనష్టాల పట్టికలో ఇది కనిపించదు. మూడో ఏడాది లెక్క చూడండి, కోట్లలో:

```
నిర్వహణ లాభం              1.60
పన్ను 25%                −0.40
తరుగుదల                  +0.30
యంత్రాలపై ఖర్చు            −0.40
సరుకులో పెరిగిన పెట్టుబడి     −0.60
చేతికొచ్చే నగదు             0.50
```

1.60 కోట్ల లాభం చూసి మురిసిపోయినవాళ్లకు మిగిలేది 50 లక్షలు. ఇలాగే లెక్కేస్తే ఐదేళ్ల నగదు వరుసగా −0.80, −0.30, 0.50, 1.40, 2.20 కోట్లు.

కాయ ధరను అంచనా వేసేటప్పుడు జాగ్రత్త. 2025 సీజన్‌లో తోతాపురి ధర బాగా పడిపోయింది. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా నిర్ణయించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది లాభశాతం చూసి ఐదేళ్లూ అదే ఉంటుందని రాస్తే ఆ లెక్క తప్పు. రైతు నష్టపోయిన ఏడాది కాయ ధర మీద కట్టిన కంపెనీ విలువ నిలబడదు. కాయ ఖర్చుకు కనీసం నాలుగైదు సీజన్ల ధరలు చూడండి.

రేపటి డబ్బును నేటి విలువకు తేవడానికి ఏటా తగ్గించే డిస్కౌంట్ రేటు 25 శాతం, ఐదో ఏడాది తర్వాత పెరుగుదల 5 శాతం అనుకుందాం. ఐదో ఏడాది తర్వాత వచ్చే నగదంతటికీ ఆ ఏడాది చివర ఉండే విలువే చివరి విలువ, అంటే TV.

```
TV = 2.20 × 1.05 / (0.25 − 0.05) = 11.55
```

ఐదేళ్ల నగదు నేటి విలువ 0.72 కోట్లు. 11.55 కోట్ల నేటి విలువ 3.78. మొత్తం 4.50 కోట్లు. అంటే 84 శాతం విలువ మనం అంచనా కూడా వేయని ఏళ్ల నుంచి వస్తోంది! రేటు 20 శాతం చేస్తే మొత్తం 7.16, 30 శాతం చేస్తే 3.01. ఇది చూసి డీసీఎఫ్ పనికిరాదని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఏ అంచనా మీద విలువ నిలబడి ఉందో ఇంత స్పష్టంగా ఇంకే పద్ధతీ చూపించదు.

ఈ రెండు పద్ధతులూ ఒకదాన్నొకటి ఎలా పరీక్షిస్తాయో చూడండి. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. ఐదో ఏడాది అమ్మకాలు 14 కోట్లనుకుంటే, 11.55 అంటే అమ్మకాలకు 0.83 రెట్లు. స్థిరపడిన ఫ్యాక్టరీయే 1.2 రెట్లు పలుకుతుంటే మన కంపెనీకి ఇంత తక్కువ ఎందుకు? తప్పు రేటులో ఉంది. 25 శాతం అన్నది మునిగిపోయే ప్రమాదం ఉన్న చిన్న కంపెనీకి. ఐదేళ్లు నిలబడ్డాక అది స్టార్టప్ కాదు, ఆ తర్వాతి కాలానికి 15 శాతం చాలు. అప్పుడు చివరి విలువ 2.31 / 0.10 = 23.1 కోట్లు, అమ్మకాలకు 1.65 రెట్లు. పోలికలో వచ్చిన 1.2కీ 2.0కీ మధ్యలో పడింది. ఈ మార్పుతో డీసీఎఫ్ మొత్తం 8.29 కోట్లు. అయితే మొదటి ఐదేళ్ల 25 శాతంలో మునిగిపోయే భయం ఇప్పటికే ఉంది. మళ్లీ విడిగా తగ్గిస్తే రెండుసార్లు కోసినట్టే.

కాబట్టి డీసీఎఫ్ 4.5 నుంచి 8.3 దాకా చెబుతోంది, పోలిక 6 అంటోంది. నేనైతే 6 దగ్గర మాట్లాడడం మొదలుపెడతాను. వాటాదారుల విలువ 5.5 కోట్లు. మొదటి రెండేళ్ల నగదు లోటు డీసీఎఫ్ లెక్కలో ఉంది కాబట్టి ఇది పెట్టుబడి రాకముందు విలువ. 1.5 కోట్లు వస్తే 7 కోట్లు.

```
1.5 / 7.0 = 21.4%
```

పన్ను గురించి ఒక మాట. వాటాలను సరైన విలువకన్నా ఎక్కువకు అమ్మితే ఆ ఎక్కువ సొమ్ము మీద కంపెనీ కట్టాల్సి వచ్చిన పన్ను ఏంజెల్ టాక్స్. పాత కేస్ స్టడీల్లో ఆ భయంతో కట్టించిన వాల్యుయేషన్ రిపోర్టులు కనిపిస్తాయి. 2024 జులై బడ్జెట్‌లో ఆ పన్ను ఎత్తేశారు. ఆ కేసులు చదివేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి.

సోమవారం క్లాసుకు ఇదే కంపెనీకి ఒక లెక్క చేసి తీసుకురండి. కాయ ఖర్చు పెరిగి మూడో ఏడాది నుంచి ప్రతి ఏటా నగదు 30 లక్షలు తగ్గితే, ఆ 1.5 కోట్లకు వాటా ఎంత అవుతుంది? చివరి విలువకు 15 శాతం రేటే వాడండి, 25 శాతం తగ్గింపు మాత్రం పోలికకే పరిమితం. విలువ ఎంత పడిందో కాదు, ఎక్కడ పడిందో రెండు వాక్యాల్లో రాయండి.