పీఎఫ్ కోత 12 నుంచి 10 శాతానికి: మీ జీతంలో మార్పు

22-05-2020

ఉద్యోగులందరికీ,

కేంద్రం ఈ నెల 18న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మే, జూన్, జులై జీతాలకు పీఎఫ్ 10 శాతమే. బేసిక్, డీఏ కలిపి రూ.20,000 ఉన్నవారికి కోత రూ.2,400 నుంచి రూ.2,000కు తగ్గుతుంది. మన జీతాలు సీటీసీ పద్ధతిలో ఉన్నాయి కాబట్టి కంపెనీ వాటాలో మిగిలే రూ.400 కూడా మీకే వస్తుంది. అంటే నెలకు రూ.800 ఎక్కువ. దీనిపై ఆదాయపు పన్ను వర్తించేవారికి కాస్త తగ్గుతుంది.

అయితే ఒక్క మాట. పింఛను వాటా రూ.1,250 మారదు గనుక ఆ రూ.800 మొత్తం మీ పీఎఫ్ ఖాతాలోనే తగ్గుతుంది. ఇంటి ఖర్చుకు ఇబ్బంది లేనివారు పాత 12 శాతమే కొనసాగించడం మంచిది. అలాంటివారు 26వ తేదీలోగా రాసివ్వండి. కంపెనీ వాటా మాత్రం 10 శాతమే ఉంటుంది. ఆగస్టు జీతం నుంచి మళ్లీ 12 శాతం.

హెచ్‌ఆర్ మేనేజర్